‘ఫ్యూ ఇష్యూస్’ అంటే ఉన్నట్టా, లేనట్టా?

శుక్రవారం సాయంత్రం హైదరాబాద్‌లోని ఒక టెస్టింగ్ టీమ్ నుంచి అమెరికా క్లయింట్‌కు మెయిల్ వెళ్లిందనుకోండి. అందులో ఉన్నవి రెండే వాక్యాలు: ‘ఫ్యూ ఇష్యూస్ ఆర్ పెండింగ్. వి నీడ్ లిటిల్ టైమ్.’ రాసినవారి ఉద్దేశం తేటగానే ఉంది. ఇంకా కొన్ని సమస్యలు మిగిలాయి, కొంచెం టైమ్ ఇవ్వండి అని. కానీ చదివినవారికి అందేది దాదాపు తలకిందుల అర్థం. సమస్యలు పెద్దగా ఏమీ లేవు, టైమ్ కూడా అంతగా అక్కర్లేదు అని. ఇక రిలీజ్‌కు ఓకే చెప్పేయడంలో క్లయింట్ తప్పేముంది?

ఈ మెయిల్‌లో స్పెల్లింగ్ తప్పు లేదు. గ్రామర్ చెకర్ పట్టుకుంటుందన్న నమ్మకమూ లేదు, ఎందుకంటే రెండు వాక్యాలూ ఇంగ్లిష్‌లో సరైనవే. తేడా అంతా ‘ఎ’ అనే ఒక్క అక్షరంలో ఉంది. మచ్, మెనీ, ఫ్యూ, లిటిల్, ఎ లాట్ ఆఫ్ అనే మాటలు స్కూల్లో ఖాళీలు పూరించేటప్పుడు మార్కుల వ్యవహారం. ఆఫీసులో అవి గడువులు, సెలవులు, నష్టపరిహారాల వ్యవహారం. అందుకని ఆఫీసు మెయిళ్లలో ఎక్కువగా తప్పుదారి పట్టించే చోట్లనే ఇక్కడ చూద్దాం.

‘కొన్ని’కీ ‘కొన్నే’కీ మధ్య

‘ఎ ఫ్యూ’ అంటే కొన్ని ఉన్నాయని. ‘ఎ’ లేకుండా ‘ఫ్యూ’ అంటే ఉన్నవి చాలా తక్కువ, లేనట్టే లెక్క అని. ‘ఎ లిటిల్’, ‘లిటిల్’ మధ్య కూడా ఇదే తేడా. ఫ్యూ అనేది లెక్కపెట్టే వాటికి, లిటిల్ అనేది లెక్కపెట్టని వాటికి వాడతారు.

ఈ తేడా మనకు కొత్తదేం కాదు. ‘మీటింగ్‌కు కొద్దిమంది వచ్చారు’ అంటే పర్వాలేదు, ఎవరో కొందరు వచ్చారు. ‘మీటింగ్‌కు కొద్దిమందే వచ్చారు’ అంటే ఆ గొంతులో నిరాశ ఉంది. ‘బడ్జెట్ కొంచెం ఉంది’ అంటే ఏదో ఒకటి చేయొచ్చు. ‘బడ్జెట్ కొంచెమే ఉంది’ అంటే ఆశ పెట్టుకోవద్దు. మాట చివర ‘ఏ’ చేర్చి మనం చేసే పనిని ఇంగ్లిష్‌వాళ్లు ముందున్న ‘ఎ’ తీసేసి చేస్తారు. కాబట్టి మెయిల్ పంపే ముందు వాక్యాన్ని ఒకసారి తెలుగులో అనుకోండి. ‘కొన్ని’, ‘కొంచెం’ అని వస్తే ‘ఎ’ ఉండాలి. ‘కొన్నే’, ‘కొంచెమే’ అని వస్తే ‘ఎ’ ఉండకూడదు.

‘ఐ హావ్ ఫ్యూ క్వశ్చన్స్’ అని మీటింగ్‌లో అన్నప్పుడు ఎదుటివారు మీ ముఖం చూసి అర్థం చేసుకుంటారు. మీరు ప్రశ్నలు అడగబోతున్నారని తెలిసిపోతుంది. మెయిల్‌కు ముఖం లేదు. ‘వి హావ్ ఎ లిటిల్ టైమ్ బిఫోర్ ద డెమో’ అంటే డెమోకు ముందు కాస్త వ్యవధి ఉంది, ఒకసారి సరిచూసుకోవచ్చు. ‘వి హావ్ లిటిల్ టైమ్ బిఫోర్ ద డెమో’ అంటే టైమ్ లేదు, ఇప్పుడు కొత్త పనులు చెప్పకండి. రెండు సందర్భాలూ ఆఫీసులో రోజూ వచ్చేవే. ఏది రాస్తున్నారో తెలిసి రాయాలి.

ఇక్కడ మూడు మినహాయింపులు గుర్తుంచుకుంటే చాలు. ‘ఓన్లీ ఎ ఫ్యూ’ అన్నప్పుడు ‘ఎ’ ఉన్నా అర్థం కొన్నే అని. దానికి నేరుగా ఎదురు నిలిచేది ‘క్వైట్ ఎ ఫ్యూ’. అందులో ‘ఫ్యూ’ అని వినిపించినా అర్థం మాత్రం చాలానే ఉన్నాయని. లండన్ మేనేజర్ ‘క్వైట్ ఎ ఫ్యూ కంప్లైంట్స్’ వచ్చాయంటే, ఏవో ఒకటి రెండు అనుకుని ఊరుకోకండి. మూడోది, ‘ద నెక్స్ట్ ఫ్యూ డేస్’, ‘ద లాస్ట్ ఫ్యూ వీక్స్’ లాంటి చోట్ల ముందే ‘ద’ ఉంది కాబట్టి మళ్లీ ‘ఎ’ పెట్టనక్కర్లేదు. అక్కడ అర్థం కూడా మామూలు ‘కొన్ని’నే.

నిజానికి ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవారు మామూలు మాటల్లో ఒంటరి ‘ఫ్యూ’, ఒంటరి ‘లిటిల్’ తక్కువగా వాడతారు. వాటికి కాస్త పుస్తకాల వాసన ఉంటుంది. లేమి చెప్పాలనుకుంటే ‘నాట్ మెనీ’, ‘నాట్ మచ్’, ‘వెరీ ఫ్యూ’, ‘వెరీ లిటిల్’ అంటారు. మీరూ అదే చేయండి. ‘నాట్ మెనీ పీపుల్ హావ్ యాక్సెస్’ అంటే ఎవరూ తప్పుగా చదవలేరు. అంతకన్నా మంచి దారి అంకె వేయడం. ‘ఫోర్ ఇష్యూస్ ఆర్ పెండింగ్. వి నీడ్ టూ మోర్ డేస్.’ ఇప్పుడు ‘ఎ’ ఉందా లేదా అన్న ప్రశ్నే రాదు.

ఎన్ని, ఎంత: ఎక్కడిదాకా నమ్మొచ్చు?

‘మెనీ’ ఎక్కడ, ‘మచ్’ ఎక్కడ అన్నదానికి మనకు పుట్టుకతో వచ్చిన కొలమానం ఉంది. ‘ఎన్ని ఫైళ్లు?’ అంటాం కాబట్టి ‘హౌ మెనీ ఫైల్స్?’. ‘ఎంత టైమ్?’ అంటాం కాబట్టి ‘హౌ మచ్ టైమ్?’. ‘ఎన్నిసార్లు?’ అన్నచోట అదే టైమ్ అనే మాట ‘హౌ మెనీ టైమ్స్?’ అవుతుంది. సగానికి పైగా మాటలు ఈ జల్లెడలో సరిగ్గానే పడతాయి.

పడని మాటలతోనే చిక్కు. తెలుగులో మనం బహువచనంగా వాడే చాలా వాటిని ఇంగ్లిష్ ఏకవచనంగానే ఉంచుతుంది. మనం వివరాలు అడుగుతాం, సలహాలు ఇస్తాం, పనులు చేస్తాం, సామాన్లు సర్దుతాం, వార్తలు వింటాం. ఆ ‘లు’ ఊపులోనే ఇన్ఫర్మేషన్స్, అడ్వైజెస్, వర్క్స్, లగేజెస్ పుట్టుకొస్తాయి. ఆ మాటలు వేటికీ మామూలు ఇంగ్లిష్‌లో ‘ఎస్’ రాదు. న్యూస్‌కు చివర ‘ఎస్’ ఉన్నా అది ఏకవచనమే. ‘ద న్యూస్ ఈజ్ గుడ్’ అనాలి.

దీని వెనకున్న తర్కం తెలిస్తే బట్టీ పట్టే పని తప్పుతుంది. ఫర్నిచర్ అనేది ఒక వస్తువు పేరు కాదు, ఒక జాతి పేరు. కుర్చీ మీద కూర్చుంటాం, బల్ల మీద రాస్తాం. ఆ మొత్తాన్ని కలిపి ఫర్నిచర్ అంటాం. మనం మాత్రం ‘రెండు బంగారాలు కొన్నాం’ అంటామా? రెండు గాజులు కొన్నామంటాం, లేదా రెండు తులాల బంగారం అంటాం. ఎక్విప్‌మెంట్, సాఫ్ట్‌వేర్, హార్డ్‌వేర్, స్టేషనరీ, ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ అన్నీ ఈ కోవలోవే. అవి మొత్తం పేర్లు. లెక్క కావాలంటే లోపలున్న విడి వస్తువు పేరు చెప్పాలి.

అందువల్ల ‘టూ పీసెస్ ఆఫ్ ఎక్విప్‌మెంట్’, ‘ఎ పీస్ ఆఫ్ అడ్వైస్’ అని పుస్తకాలు నేర్పే దారికన్నా, పక్కనే ఉన్న కౌంటబుల్ మాటను పట్టుకోవడం ఆఫీసులో తేలిక. ఎక్కువగా అవసరమయ్యే జంటలు ఇవి:

- ఇన్ఫర్మేషన్ బదులు డీటెయిల్స్: ‘ప్లీజ్ షేర్ ద డీటెయిల్స్.’
- అడ్వైస్ బదులు సజెషన్స్: ‘ఐ హావ్ టూ సజెషన్స్.’
- వర్క్ బదులు టాస్క్స్: ‘త్రీ టాస్క్స్ ఆర్ పెండింగ్.’
- ఫీడ్‌బ్యాక్ బదులు కామెంట్స్: ‘ఐ హావ్ యాడెడ్ మై కామెంట్స్.’
- ఎక్విప్‌మెంట్ బదులు మెషీన్స్, డివైసెస్, లేదా అసలు వస్తువు పేరే.
- సాఫ్ట్‌వేర్ బదులు అప్లికేషన్స్, టూల్స్.
- ట్రెయినింగ్ బదులు ట్రెయినింగ్ సెషన్స్.
- స్టాఫ్ బదులు స్టాఫ్ మెంబర్స్, ఎంప్లాయీస్.

ఈ జాబితాలో చేరాల్సిన మరో మాట మన ఆఫీసుల్లో రోజూ నలిగేదే: లీవ్. మనకు సెలవులు కాబట్టి ‘హౌ మెనీ లీవ్స్ డు ఐ హావ్?’ అని హెచ్‌ఆర్‌ను అడుగుతాం. మన దేశంలో ఏ ఆఫీసులోనైనా ఇది అర్థమవుతుంది, ఎవరూ తప్పు పట్టరు. సింగపూర్‌లోనో డబ్లిన్‌లోనో ఉన్న హెచ్‌ఆర్‌కు రాస్తున్నప్పుడు మాత్రం లీవ్స్ అంటే చెట్టు ఆకులే. అక్కడ ‘హౌ మచ్ లీవ్ డు ఐ హావ్ లెఫ్ట్?’ అనాలి. లెక్క చెప్పాలంటే రోజులను లెక్కపెట్టాలి కానీ లీవ్‌ను కాదు: ‘ఐ వుడ్ లైక్ టు టేక్ ఫైవ్ డేస్ ఆఫ్ లీవ్.’

‘ఎస్’ చేరగానే అర్థం మారే మాటలు

కొన్ని మాటలకు ‘ఎస్’ చేర్చడం తప్పు కాదు. కానీ చేర్చగానే మాట వేరే పనిలోకి వెళ్లిపోతుంది. ఇవి వట్టి తప్పులకన్నా ప్రమాదకరం, ఎందుకంటే చదివేవారు తప్పని అనుకోరు, ఆ వేరే అర్థాన్నే తీసుకుంటారు.

అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది డ్యామేజ్‌తో. సరుకు దెబ్బతిన్నదంటే అది డ్యామేజ్, ఎన్ని చోట్ల దెబ్బతిన్నా ఏకవచనమే. డ్యామేజెస్ అంటే చట్టం భాషలో నష్టపరిహారం, అంటే కోర్టు ద్వారానో ఒప్పందం ప్రకారమో రాబట్టే డబ్బు. ట్రాన్స్‌పోర్ట్ కంపెనీకి ‘వి ఆర్ రిపోర్టింగ్ డ్యామేజ్’ అని రాస్తే సరుకు చూడమని చెప్పినట్టు. ‘వి ఆర్ క్లెయిమింగ్ డ్యామేజెస్’ అని రాస్తే పరిహారం అడిగినట్టు. ఇన్సూరెన్స్, లాజిస్టిక్స్, కొనుగోళ్ల విభాగాల్లో పనిచేసేవారు ఈ రెండిటినీ కలపకూడదు.

వర్క్ అంటే పని. వర్క్స్ అంటే రచయితల, కళాకారుల కృతులు, లేదా రోడ్లు, వంతెనల లాంటి నిర్మాణ పనులు. కాబట్టి సివిల్ ఇంజనీర్ ‘రోడ్ వర్క్స్’ అనడం సరైనదే. అకౌంట్స్‌లో కూర్చున్నవారు ‘పెండింగ్ వర్క్స్’ అంటే మాత్రం కుదరదు. అక్కడ ‘పెండింగ్ వర్క్’ లేదా ‘పెండింగ్ టాస్క్స్’.

ప్రోగ్రామర్లు రాసేది కోడ్, ఎన్ని వేల లైన్లున్నా కోడే. ‘ఐ రోట్ ద కోడ్స్’ అంటే ఏవో రహస్య సంకేతాలో, డిస్కౌంట్ కూపన్ల నంబర్లో అనిపిస్తుంది. రెజ్యూమేలో వచ్చే ఎక్స్‌పీరియన్స్ కూడా ఇలాంటిదే. ఉద్యోగానుభవం అన్‌కౌంటబుల్: ‘సిక్స్ ఇయర్స్ ఆఫ్ ఎక్స్‌పీరియన్స్ ఇన్ జావా.’ ఎక్స్‌పీరియన్సెస్ అంటే జీవితంలో ఎదురైన సంఘటనలు. ‘ఐ హావ్ మెనీ ఎక్స్‌పీరియన్సెస్ ఇన్ జావా’ అని రాస్తే జావాతో మీకు చాలా కథలు జరిగాయన్నట్టు ఉంటుంది.

వృత్తిని బట్టి నియమం మారే సందర్భాలూ ఉన్నాయి. అడ్వైస్‌కు ‘ఎస్’ రాదని ఇంతకుముందు అనుకున్నాం. కానీ బ్యాంకుల్లో క్రెడిట్ అడ్వైస్, డెబిట్ అడ్వైస్ అని లావాదేవీ గురించి తెలిపే పత్రం ఒకటుంది. పత్రం కాబట్టి దాన్ని లెక్కపెట్టొచ్చు, అక్కడ అడ్వైజెస్ అన్నా తప్పు లేదు. మీ బ్రాంచి వాడుకను ఈ వ్యాసం చూసి దిద్దకండి.

మచ్‌ను ఎక్కడ ఆపాలి?

అన్‌కౌంటబుల్ మాటకు మచ్ వాడాలన్న నియమం తెలిసినవారు చేసే పొరపాటు ఒకటుంది. ‘వి హావ్ మచ్ వర్క్ టుడే’ అంటారు. నియమం ప్రకారం సరిపోయినట్టే కనిపిస్తుంది, చెవికి మాత్రం ఎబ్బెట్టుగా ఉంటుంది. మచ్ సహజంగా ఇమిడేది ప్రశ్నల్లో, లేదు కాదు అనే వాక్యాల్లో: ‘హౌ మచ్ వర్క్ ఈజ్ లెఫ్ట్?’, ‘వి డోంట్ హావ్ మచ్ టైమ్.’ ఉందని చెప్పే మామూలు వాక్యంలో మచ్ బదులు ‘ఎ లాట్ ఆఫ్’ పెట్టాలి: ‘వి హావ్ ఎ లాట్ ఆఫ్ వర్క్ టుడే.’ ముందు టూ, సో లాంటి మాట చేరితే మళ్లీ మచ్ సరిపోతుంది: ‘దేర్ ఈజ్ టూ మచ్ వర్క్.’ మెనీకి ఇంత పట్టింపు లేదు. ‘మెనీ కస్టమర్స్ హావ్ కంప్లైండ్’ అని ఆఫీసు రిపోర్టులో నిక్షేపంగా రాసుకోవచ్చు.

‘ఎ లాట్ ఆఫ్’ రెండు రకాల మాటలకూ పనికొస్తుంది, అందుకే అనుమానం వచ్చినప్పుడు అది మంచి ఆసరా. దానితో రెండు విషయాలు చూసుకోవాలి. మొదటిది, దాని ముందున్న ‘ఎ’ను మింగేయకూడదు. ‘లాట్ ఆఫ్ ఇష్యూస్’ అని మొదలయ్యే మెయిళ్లు మనవాళ్ల నుంచి కోకొల్లలు. ఇక్కడ ‘ఎ’ పోతే అర్థం తారుమారు కాదు కానీ, వాక్యం అరకొరగా ఉంటుంది. రెండోది, ఈజ్ పెట్టాలా ఆర్ పెట్టాలా అన్నది ‘లాట్’ను చూసి కాదు, తర్వాత వచ్చే మాటను చూసి తేల్చాలి. ‘ఎ లాట్ ఆఫ్ డేటా ఈజ్ మిస్సింగ్’, కానీ ‘ఎ లాట్ ఆఫ్ ఫైల్స్ ఆర్ మిస్సింగ్.’ కాంట్రాక్టులు, ఆడిట్ రిపోర్టుల్లాంటి చోట్ల ఇది మరీ మాటల ధోరణిలో ఉందనిపిస్తే, కౌంటబుల్ మాటకు ‘ఎ లార్జ్ నంబర్ ఆఫ్’, అన్‌కౌంటబుల్ మాటకు ‘ఎ లార్జ్ అమౌంట్ ఆఫ్’ వాడండి.

తక్కువ అని పోల్చి చెప్పేటప్పుడు ఫ్యూ కాస్తా ఫ్యూయర్ అవుతుంది, లిటిల్ లెస్ అవుతుంది. ‘ఫ్యూయర్ టికెట్స్ దిస్ వీక్’, ‘లెస్ ట్రాఫిక్ దిస్ వీక్.’ దీని మీద ఇంగ్లండ్‌లోనే వాదులాటలున్నాయి. సూపర్‌మార్కెట్ కౌంటర్ల దగ్గర ‘10 ఐటమ్స్ ఆర్ లెస్’ అని రాసే బోర్డు తప్పని గొడవ జరిగితే, టెస్కో సంస్థ 2008లో ఆ మాటే లేకుండా ‘అప్ టు 10 ఐటమ్స్’ అని మార్చుకుంది. మీరు గుర్తుంచుకోవాల్సింది ఒకటే. డబ్బు, దూరం, కాలం పక్కన అంకె ఉన్నా వాటిని మొత్తంగానే చూస్తారు. కాబట్టి ‘లెస్ దాన్ ఫైవ్ అవర్స్’, ‘లెస్ దాన్ 5,000 రుపీస్’ సరైనవే. టికెట్లు, ఫైళ్లు, మనుషులు అయితే ఫ్యూయర్.

ఒక మెయిల్‌ను దిద్దితే

వారంటీ విభాగానికి ఒక బ్రాంచి ఆఫీసు నుంచి వెళ్లే మెయిల్ ఇలా ఉందనుకుందాం:

‘వి రిసీవ్డ్ మెనీ ఎక్విప్‌మెంట్స్ ఎస్టర్‌డే. లాట్ ఆఫ్ డ్యామేజెస్ ఆర్ దేర్. వి హావ్ ఫ్యూ స్టాఫ్స్ ఫర్ ఇన్‌స్టలేషన్. ప్లీజ్ సెండ్ ద వారంటీ ఇన్ఫర్మేషన్స్. మచ్ వర్క్స్ ఆర్ పెండింగ్.’

మొదటి వాక్యంలో ఎక్విప్‌మెంట్స్‌ను ఎక్విప్‌మెంట్ చేసి, మెనీ తీసి ‘ఎ లాట్ ఆఫ్’ పెడితే వ్యాకరణం సరిపోతుంది. కానీ అవతలివారికి కావలసింది వ్యాకరణం కాదు, ఏవి ఎన్ని వచ్చాయన్నది. వచ్చినవి పన్నెండు మానిటర్లయితే ఆ మాటే రాయాలి. రెండో వాక్యంలో డ్యామేజెస్ అంటే పరిహారం అడుగుతున్నట్టు ఉంది. ఎన్ని దెబ్బతిన్నాయో చెబితే ఆ గందరగోళం ఉండదు. మూడో వాక్యం అసలైన చిక్కు. ‘ఎ ఫ్యూ’ అయితే మనుషులున్నారు, ఇన్‌స్టలేషన్ మొదలుపెట్టొచ్చని. ‘ఫ్యూ’ అయితే మనుషుల్లేరు, ఎవరినైనా పంపండని. రాసినవారు ఏది అనుకున్నారో చదివేవారు ఎలా తేల్చాలి? ఇద్దరే ఉన్నారు, చాలరు అన్నది అసలు మాట అయితే ‘ఓన్లీ టూ’ అనాలి. నాలుగో వాక్యానికి డీటెయిల్స్ చాలు. చివరిదానిలో వర్క్స్ నిర్మాణ పనులైపోయింది, మచ్ ఉండకూడని చోట ఉంది.

దిద్దాక ఇలా వస్తుంది:

‘వి రిసీవ్డ్ ట్వెల్వ్ మానిటర్స్ ఎస్టర్‌డే. త్రీ ఆఫ్ దెమ్ ఆర్ డ్యామేజ్డ్. వి హావ్ ఓన్లీ టూ టెక్నీషియన్స్ ఫర్ ఇన్‌స్టలేషన్. ప్లీజ్ సెండ్ ద వారంటీ డీటెయిల్స్. ఎ లాట్ ఆఫ్ వర్క్ ఈజ్ స్టిల్ పెండింగ్.’

గమనించండి, ఐదు వాక్యాల్లో మూడింటికి అంకెలే మందు. ఒక్క చివరి వాక్యంలోనే పరిమాణం చెప్పే మాట అవసరమైంది.

అనుమానం వస్తే ఎక్కడ చూడాలి?

ఒక మాట కౌంటబుల్ అవునా కాదా అన్నది ఊహించే పని లేదు. కేంబ్రిడ్జ్ డిక్షనరీ ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది. అందులో మాట తెరిస్తే అర్థం పక్కన [ C ] అనో [ U ] అనో గుర్తు ఉంటుంది. సి ఉంటే కౌంటబుల్, యు ఉంటే అన్‌కౌంటబుల్. ఒకే మాటకు అర్థాన్ని బట్టి రెండు గుర్తులూ ఉండొచ్చు. కాబట్టి పైన కనిపించిన మొదటి గుర్తుతో ఆగకుండా, మీకు కావలసిన అర్థం దగ్గరున్న గుర్తును చూడండి.

మీ అలవాటు ఏమిటో తెలుసుకోవడానికి మీరు పంపిన మెయిళ్లకన్నా మంచి సాక్ష్యం లేదు. జీమెయిల్ అయితే పైనున్న సెర్చ్ పెట్టెలో వీటిని ఒక్కొక్కటిగా కొట్టండి:

```
in:sent "few"
in:sent "lot of"
in:sent "informations"
```

అవుట్‌లుక్ వాడేవారు పంపిన మెయిళ్ల ఫోల్డర్ తెరిచి అవే మాటలు వెతకొచ్చు. ‘ఫ్యూ’ కనిపించిన ప్రతి వాక్యం దగ్గరా ఆగి, అక్కడ మీరు అనుకున్నది ‘కొన్ని’నా, ‘కొన్నే’నా అని చూసుకోండి. ‘కొన్ని’ అయి ఉండి ముందు ‘ఎ’ లేకపోతే ఆ మెయిల్ ఎవరికి వెళ్లిందో కూడా చూడండి. విషయం ఇంకా నడుస్తున్నదే అయితే, క్షమాపణలతో పని లేకుండా, అసలు అంకె చెబుతూ ఒక్క వాక్యం ఇప్పుడే పంపేయండి.